వాల్వ్ విప్పమని ఎవరూ చెప్పలేదు

మా ఫ్యాక్టరీ గుమ్మడిదల దారిలో ఉంది. మందులకు కావలసిన ముడిసరుకు తయారుచేస్తాం. ఒక మందు నుంచి ఇంకో మందుకు మారేటప్పుడు రియాక్టర్లన్నీ కడిగి, లోపల దూదిపుల్లతో తుడిచి ఆ పుల్లను ల్యాబుకు పంపాలి. పాత మందు జాడ లేదని తేలితేనే కొత్త బ్యాచ్ మొదలవుతుంది. ఈ మార్పిడికి పట్టే రోజులు తగ్గించే పనిని, ప్రొడక్షన్ మేనేజరుగా నేను, రెండేళ్ల అనుభవమున్న ఒక కెమిస్టుకు అప్పగించాను. చురుకైన అమ్మాయి. చూసిందంతా పద్ధతిగా రాసిపెట్టేది. పెద్ద పని ఇస్తే ఎదుగుతుందనుకున్నాను. గదికి పిలిచి రెండు నిమిషాల్లో చెప్పి పంపించాను.

మిగతావాళ్లకు ఆ సంగతి డ్యూటీ చార్టు చూశాకే తెలిసింది. అందులో ఆమె పేరు లేదు. ఆమె షిఫ్టులు ఇద్దరు పాతవాళ్ల మీద పడ్డాయి.

కారణం చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. మా తాత పొలం గట్టు మీద నిలబడి ఎవరివైపు చూస్తే ఆ రోజు నీటి కావలి వాళ్లది. నేను పదో తరగతికి వచ్చేసరికే ఆ భూములు పోయాయి. ఇంద్రేశం వైపున్న ఆ పొలాల్లో ఇప్పుడు ఇళ్ల ప్లాట్లున్నాయి. అయినా నేను మనుషులను అలాగే ఎంచుకుంటూ వచ్చాను.

ఆమె షిఫ్టులు మీదపడ్డ ఆ ఇద్దరిలో ఒకడు, పదిహేనేళ్లుగా ఇక్కడున్న షిఫ్టు ఇన్‌చార్జి. వాళ్లమ్మ మా పొలాల్లో నాట్లు వేసింది. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒకరోజు క్యాంటీన్ అడ్డగోడ వెనక అతని గొంతు వినిపించింది.

"ఇగ మేడం ఆఫీసుల కూసుంటది, ఆమె డ్యూటీలు మనం మోయాలె."

"మోస్తె ఏమైతదన్నా, బొక్కలు గట్టివడ్తయ్," అన్నాడు పక్కవాడు.

"సార్ ఎవలను సూస్తె గాళ్లే పెద్దోళ్లు. గిది కొత్తదా?"

విననట్టే వెళ్లిపోయాను.

నెల తర్వాత ఆమె పద్ధతి ప్రకారం మొదటి మార్పిడి జరిగింది. ల్యాబు పరీక్షలో రియాక్టర్ ఫెయిలైంది. అడుగు వాల్వ్‌లో పాత మందు మిగిలిపోయింది. మళ్లీ కడగాలి, రెండు రోజులు ఆలస్యం. ఆ వాల్వ్‌ను విప్పి చేత్తో శుభ్రం చేయడం పాతవాళ్ల అలవాటు. కానీ అది ఏ కాగితంలోనూ లేదు. ఇన్నేళ్లూ దాన్ని రాయించకపోవడం కూడా నా లోపమే.

ఇన్‌చార్జిని పిలిచాను.

"వాల్వ్ విప్పాలని తెలుసా?"

"తెల్సు సార్."

"ఆమె కొత్త పద్ధతి రాసిన కాగితం చూపిస్తే బాగుందన్నావట?"

"కాగితం బాగనే ఉండె. పదేండ్ల సంది మార్పిడి చేస్తున్న సార్. గీ పనికి నేను పనికొస్తనా రానా అని ఒక్క మాట అడిగినరా? రావు అని చెప్పినా ఇంటుంటి."

సాయంత్రం ఆ అమ్మాయి ఒక చిట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "నన్ను షిఫ్టుకే పంపుండ్రి సార్. పని రాక కాదు. నేను అన్నానికి కూసుంటె అందరు లేచిపోతున్నరు."

అలా వెనక్కి పంపితే చేతగాక వచ్చిందన్న ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఆమెకు ఎవరూ పెద్ద పని ఇవ్వరు. ముద్ర ఆమెది, చేసింది నేను.

మర్నాడు షిఫ్టు మారే వేళ అందరినీ నిలబెట్టి మాట్లాడాను. "ఈ పనికి ఈమెను ఎందుకు పెట్టానో, ఎన్నాళ్లకో, ఈమె షిఫ్టులు ఎవరు చేయాలో మీతో చెప్పలేదు. తప్పు నాది." ఇది ప్రమోషన్ కాదని, మూడు నెలల పనేనని, తర్వాత ఆమె షిఫ్టుకే వస్తుందని చెప్పాను. ఆమె డ్యూటీలకు పక్క బ్లాకు నుంచి మనిషి వస్తాడన్నాను. ఇకమీద ఇలాంటి పని ఏదున్నా ముందుగా బోర్డు మీద పెడతామని, ఎవరైనా అడగవచ్చని, దక్కనివాళ్లకు ఎందుకు దక్కలేదో నేనే చెబుతానని అన్నాను.

తర్వాత ఇన్‌చార్జిని పక్కకు తీసుకెళ్లి, అతన్ని ఎందుకు ఎంచుకోలేదో అసలు కారణం చెప్పాను. పని అతనికి ఎక్కువ తెలుసు, కానీ రికార్డు రాయడంలో వెనకబడ్డాడు. కొత్త పద్ధతిని అతను పరిశీలించి సంతకం చేయాలని, అందుకు డ్యూటీలో సమయం ఇస్తానని అన్నాను.

"రాసుడు తక్కువే సార్ నాకు, నిజమే. మూడేండ్ల కింద గీ మాట చెప్తె నేర్సుకుంటుంటి."

మధ్యాహ్నం రియాక్టర్ కింద ఇన్‌చార్జీ ఆ అమ్మాయీ ఉన్నారు. "ముందుగాల లోపల ప్రెషర్ లేదని సూడాలె. గప్పుడే బోల్టు. రాస్కో," అంటున్నాడు. మేడం అనలేదు. ఆమె రాసుకుంటోంది. వెళ్తూ వెళ్తూ ఆమెను చిట్టీ సంగతి అడిగాను.

"మళ్ల ల్యాబు రిజల్టు వచ్చేదాంక ఉంట సార్. అప్పుడు చెప్త."

చిట్టీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.