అక్క వేసిన గట్టి జడ

మొన్న తెల్లవారుజామున ఆళ్లగడ్డలో మా అక్క పోయింది. గుండె నొప్పి అన్నారు. జీవితమంతా ఎదుటివాళ్లకే నొప్పి పెట్టిన మనిషి, ఆమెకూ ఒకటి వచ్చిందంటే నమ్మడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ చేతి అన్నం తిని పెరిగినవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆమెను తలుచుకుంటే, ఆమె కూతురు, మా పాప, మొదటిసారి స్టేజీ ఎక్కిన రోజు పొద్దున గుర్తుకొస్తుంది. నంద్యాలలో కూచిపూడి. పాప జుట్టు భుజాల దాకే ఉండేది, సవరం పెట్టక తప్పదు. అంతకు ముందేడు అదే స్టేజీ మీద ఒక పిల్ల సవరం ఊడిపడితే జనం ఈలలేశారు. ఆ పిల్ల మళ్లీ గజ్జె కట్టలేదు.

అక్క దువ్వెన తీసేసరికి పాప తల జిడ్డోడుతోంది. మంచి పనికి పోతోందని అక్క వాళ్ల అత్త ఆముదం పట్టించింది.

"నూనె తలకు సవరం నిలుస్తాదా అత్తా? స్టేజీ మీద ఊడిపడితే నువ్వు ఏరుకొస్తావా?"

"చల్లగా ఉంటాదని పెట్టినా లేమ్మా."

తలకు పోస్తే బస్సు టైముకు ఆరదు. అక్క గుప్పెడు శెనగపిండి తెచ్చి కుదుళ్లకు రుద్దింది. పిండి నూనె పీల్చాక సన్నపళ్ల దువ్వెనతో గీకింది.

"ఇంత ఉప్పు, కారం వెయ్యక్కా, బజ్జీలన్నా అయితాయి" అన్నాను. పాప నవ్వింది. నా వేళ్ల మీద దువ్వెన పడింది.

నడిమి పాపిట తీసి, జుట్టంతా వెనక్కి లాగి, నల్లదారంతో మొదట్లో కట్టింది. దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకొని బిగించింది. పాప కనుబొమలు పైకి లేచాయి.

"అమ్మా, నొస్తాంది!"

"నొయ్యనీ. నొప్పి ఇంట్లో పడాల, నగుబాటు స్టేజీ మీద పడగూడదు."

సవరం ఉంగరాన్ని ఆ కట్టుకే ముడేసి, పాయకొక సవరం పాయ కలిపి అల్లింది. చివర కుచ్చులు కట్టి, జడ పట్టుకొని బావిలో బొక్కెన తోడినట్టు గుంజి చూసింది. పాప వెనక్కి ఒరిగింది. జడ ఒరగలేదు.

స్టేజీ మీద పాప గిర్రున తిరిగినప్పుడల్లా జడ నడుముకు కొట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి. పాటలోని కృష్ణుడి కోసమే ఏడుస్తోందనుకొని జనం చప్పట్లు కొట్టారు.

"చూసినావారా? వెంట్రుక కదల్లేదు" అంది అక్క.

ఆట అయ్యాక స్టేజీ వెనక గదిలో ముడి విప్పబోతే రాలేదు. బ్లేడుతో దారం కోసింది. సవరంతో పాటు చిటికెడు జుట్టు కుదుళ్లతో సహా ఊడొచ్చింది. పాప తల తడుముకొని, వేలికంటిన నెత్తురు చూసుకుంది.

"ఇంక నా తల ముట్టుకోవద్దు నువ్వు."

అరవలేదు, ఏడవలేదు. అన్న మాట తప్పనూ లేదు. పెండ్లినాడు కూడా జడ వేరేవాళ్లే వేశారు.

నంద్యాలలో ఆ రోజు, జడ విప్పాక పిల్లలంతా టిఫినుకు పోయారు. ఖాళీ గదిలో అక్క కాళ్లు చాపి కూర్చుంది. సవరాన్ని కాలి బొటనవేలికి తగిలించుకొని చిక్కు తీస్తోంది. ఎంత మెల్లగా అంటే, దువ్వెన చప్పుడు కూడా వినపడలేదు.