సైన్ ఐదో ఘాతం

పంతొమ్మిదివందల నలభైలలో నాంపల్లిలో కిరాయి గదిలో ఉంటూ ఆబిడ్స్ దగ్గరి కాలేజీలో చదివేవాణ్ణి. పరీక్షలో సైన్ ఐదో ఘాతాన్ని 0 నుంచి π/2 దాకా ఇంటిగ్రేట్ చేయమన్నారు. 8/15 అని జవాబొక్కటే రాశాను. లెక్కల సారుకు అనుమానం వచ్చింది.

"పక్కోనిది చూసి రాసినవా? బోర్డు మీద చెయ్యి."

ఒళ్లు మండింది. సుద్ద అందుకుని ఏకంగా n-వ ఘాతానికే మొదలుపెట్టాను. ఒక సైన్‌ను విడదీసి బై పార్ట్స్ చేస్తే, బయటి పదం రెండు హద్దుల దగ్గరా సున్నా అయింది. మిగిలినదాంట్లో కాస్ వర్గాన్ని 1 − సైన్ వర్గంగా మార్చేసరికి, అడిగిన ఇంటిగ్రలే కుడివైపు మళ్లీ ప్రత్యక్షమైంది. దాన్ని ఎడమకు లాగితే సూత్రం తేలింది:

Iₙ = ((n−1)/n) Iₙ₋₂

ఐదు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి దిగాను: 4/5 × 2/3 × 1.

"మరి π ఏడ పోయింది?" అన్నారు సారు.

"బేసి ఘాతం కదా సార్. ఆఖరికి ఉత్త సైన్ మిగులుతది, దాని ఇంటిగ్రల్ ఒకటి. సరి ఘాతమైతే సున్నా దాకా దిగుతది, అప్పుడొస్తది π/2."

"ఏదీ, చేతులు చూపియ్యి."

రెండు అరచేతులూ ఆయన ముఖం ముందు చాపాను. సుద్ద తప్ప ఏమీ లేదు. ఆయన వంగి, నిదానంగా చూశారు.

"అంగీ చేతులు గూడ జర పైకి మడువు."