శుక్రవారం అని రాసిన నోటీసు

తేదీ లేని నోటీసు నోటీసే కాదు. ఈ మాట మీద నాకూ మా యజమానికీ ఒక మంగళవారం పొద్దున్న పెద్ద గొడవే అయింది. ఆయన కుర్చీలో కూర్చుని, "వీలైనంత త్వరలో జీతాలు ఇస్తాం అని రాసీమ్మా, సరిపోద్ది" అన్నారు. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

రాజాం దాటాక రోడ్డు పక్కన ఉంటుంది మా వర్క్‌షాపు. రైసు మిల్లులకి షాఫ్టులు, ఒక పెద్ద ఫ్యాక్టరీకి కన్వేయరు రోలర్లు చేసిస్తాం. మొత్తం ఇరవై ముగ్గురు పనివాళ్ళు. లెక్కలు, జీతాలు, బ్యాంకు, టాక్సులు, చివరికి టీ పొడి కూడా నా చేతిమీదుగానే నడుస్తాయి. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను, నాకు ఆ పని బాగా వచ్చు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఆ నెల ఫ్యాక్టరీ వాళ్ళు మా బిల్లు ఆపేశారు. సరుకు బాగోలేక కాదు, వాళ్ళకే డబ్బు ఆడటం లేదు. మా ఖాతాలో ఉన్నది ఇనుము అమ్మినవాళ్ళకీ కరెంటు బిల్లుకీ సరిపోయింది. ప్రతి నెలా ఐదో తేదీకి జీతాలు పడేవి. ఏడో తేదీ దాటకూడదని చట్టం కూడా ఉంది. గోడకి నోటీసు అంటించినంత మాత్రాన ఆ చట్టం మాఫీ అయిపోదని నాకు తెలుసు, మా యజమానికీ చెప్పాను. కానీ లేని డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాం? కనీసం మనుషుల్ని చీకట్లో పెట్టకూడదు కదా.

"బాబూ, 'త్వరలో' అంటే ఇంటద్దె ఇచ్చుకునేవాడు ఇంటాయనకి ఏం చెప్పుకుంటాడు? నేను డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. నాలుగు నెలలు 'త్వరలో' తిన్నాను. దాంతో కడుపు నిండలేదు" అన్నాను.

ఆయన నవ్వేశారు. "నీ నోటికి జడిసి సస్తన్నాను. సరే, తేదీ ఏసీ."

తేదీ వేయడమంటే కేలెండరు మీద వేలు పెట్టడం కాదు. ఫ్యాక్టరీ అకౌంట్సు ఆయనకి ఫోన్ చేశాను. సప్లయర్లకి గురువారమే డబ్బు వదుల్తామనీ, ఈ గురువారం కాదు, పై గురువారం మా బిల్లు కచ్చితంగా ఉందనీ, మా ఖాతాలో పడేసరికి మర్నాడు అవుతుందనీ చెప్పాడు. ఆ మాటే మెయిల్లో పెట్టమన్నాను, పెట్టాడు. ఆ మెయిలు చేతికొచ్చాకే నోటీసు టైపు చేశాను:

"రావలసిన బిల్లు ఆలస్యమైనందున గత నెల జీతాలు ఐదో తేదీకి ఇవ్వలేకపోతున్నాము. అందరికీ పూర్తి జీతం, ఏ కోతా లేకుండా, పద్నాలుగో తేదీ శుక్రవారం సాయంత్రం ఆరు గంటల లోపు బ్యాంకు ఖాతాల్లో పడుతుంది. పీఎఫ్, ఈఎస్ఐ గడువు లోపలే కడతాము. ఈలోగా బియ్యానికీ మందులకీ అవసరమైనవారు మూడు వేల వరకు అడ్వాన్సు తీసుకోవచ్చు. ఇబ్బంది కలిగినందుకు మన్నించండి."

శుక్రవారం అన్నది లావు అక్షరాల్లో పెట్టాను. యజమాని సంతకం చేశారు. బోర్డు మీద అంటించి, వర్క్‌షాపు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టి, ఎంత బాగా రాశానో అని మరో రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మధ్యాహ్నం క్యారేజీల వేళ షెడ్డులో ఒకటే నవ్వులు. వెళ్ళి చూస్తే వెల్డరు నోటీసు ముందు నిలబడి చేతులు తిప్పుతున్నాడు. "శుక్రారం నాడు బాబు టీకి కూడా డబ్బు తియ్యడు. జీతాలిచ్చీస్తాడట, జీతాలు! ఎవుల్రా నమ్మీసినారు?"

నిజమే! మా యజమాని శుక్రవారం చేతిలోంచి పైసా బయటకి పోనివ్వరు. లక్ష్మీదేవిని గుమ్మం దాటించినట్టేనని ఆయన నమ్మకం. ఆయనే ఏమిటి, మా ఇంట్లో కూడా శుక్రవారం పాలబాకీ తీర్చం. ఐదో తేదీ శుక్రవారం పడిన నెలల్లో జీతాలు గురువారమే పంపించేదాన్ని నేనే! అలాంటిది, బ్యాంకు గురించీ బిల్లు గురించీ ఆలోచించి ఆలోచించి వారం సంగతి మర్చిపోయాను. పెళ్ళి సందట్లో పుస్తె కట్టడం మరిచారంటే ఇదే.

నవ్వనివాడు ఒక్కడే, లేతు మిషను మేస్త్రి. యాభై దాటిన మనిషి. ఆయన చెయ్యి పడితే షాఫ్టు వెంట్రుకవాసి తేడా రాదు. సొంత ఊళ్ళో రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాడు. చెక్కలు కొట్టి, ఇనుము కట్టి స్లాబుకి అంతా సిద్ధం చేసుకున్నాడు. పదిహేనో తేదీ శనివారం తెల్లారగట్ల కాంక్రీటు ముఠా వస్తుంది. ఇరవై వేలు చేతిలో పడందే కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పరు. ఆ రోజు తప్పితే ముఠా ఇంకో ఊరు పోతుంది, మళ్ళీ దొరికేసరికి వానలు దిగుతాయి, చెక్కల అద్దె రోజురోజుకీ పెరుగుతుంది. ఆయన జీతం ఇరవై రెండు వేలు. స్లాబు ఆ జీతం మీదే ఆధారపడి ఉంది.

"మేస్త్రీ, శుక్రవారం ఆరు లోపు పడుతుంది. నా మాట" అన్నాను.

"అలాగేనమ్మా" అని మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

యజమాని గదికి పరిగెత్తాను. సంగతి వినగానే ఆయన నాలిక కరుచుకున్నారు. "అయ్యబాబోయ్, శుక్రారమా! శనివారం అని మార్చీ. పూజయ్యాక తొమ్మిదికి ఏసీద్దాం. ఒక్క రాత్రే గదా."

"మార్చను. ఒకసారి తేదీ మార్చిన నోటీసుని రెండోసారి కుక్క కూడా చదవదు. పైగా మేస్త్రికి తెల్లారగట్ల కావాలి. మీరే షెడ్డులోకి వచ్చి, శుక్రవారమే ఇస్తానని ఒక్క మాట చెప్పండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "సూద్దాంలేమ్మా."

ఆ తర్వాత పది రోజులూ ఆ 'సూద్దాం' దాటి ముందుకు రాలేదు. నేను మాత్రం ఎవరడిగినా శుక్రవారమే అన్నాను. గురువారం మేస్త్రి మధ్యాహ్నం నుంచి సెలవడిగితే, సిమెంటు దింపించుకోవడానికేమో అనుకుని ఇచ్చాను.

శుక్రవారం మూడవుతుండగా డబ్బు పడింది. నేను జీతాల ఫైలు బ్యాంకులోకి ఎక్కించాను. ఎక్కించడం వరకే నా పని. యజమాని తన ఫోనుకొచ్చిన ఓటీపీ కొట్టి ఒప్పుకుంటే తప్ప రూపాయి కదలదు. లాప్‌టాప్ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"రేపు తెల్లారి ఐదుకే లేచి కొడతానమ్మా. ఒట్టు."

"మేస్త్రి రాత్రికే ఏటీఎంలో తీసుకోవాలి బాబూ. ఐదుకి మీరు లేవకపోతే? బ్యాంకు సర్వరు పడుకుంటే?"

"మా నాన్నగారి నాటి నించీ ఉన్న నియమం. నా సేత్తో ఎలా తియ్యను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీది తియ్యమంటే కదా! ఐదో తేదీ దాటినప్పట్నుంచీ ఇది వాళ్ళది. వాళ్ళ లక్ష్మిని మన బీరువాలో కట్టేసి, మన ఇంట్లో లక్ష్మి ఉండాలంటే ఉంటుందా? మీరే చెప్పండి!"

ఆ గదిలో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన కిటికీలోంచి షెడ్డువైపు చూశారు. తర్వాత ఫోను తీసి, అంకెలు ఒక్కొక్కటీ పైకి చదువుతూ కొట్టారు. "ఇంట్లో దీపం ఎట్టకముందే అయిపోవాలి" అన్నారు. ఐదున్నరకల్లా ఇరవై ముగ్గురి ఫోన్లూ మోగాయి. వెల్డరు షెడ్డులో ఈల వేశాడు. నేను గాల్లో తేలిపోయాను, దాచుకోవడం దేనికి?

మేస్త్రి దగ్గరికి వెళ్ళి, "పడిందా?" అన్నాను.

"పడ్డాదమ్మా" అన్నాడు. అంతే. నవ్వలేదు, కనీసం ఫోను కూడా మళ్ళీ చూసుకోలేదు. ఇంత చేస్తే ఒక మంచి మాటైనా లేదేమిటని లోపల గింజుకున్నాను.

మర్నాడు పొద్దున్నే స్లాబు చూడ్డానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. మిల్లరు గడగడా తిరుగుతోంది, తట్టలు చేతులు మారుతున్నాయి, మేస్త్రి పైన నిలబడి కేకలేస్తున్నాడు. ఆయన భార్య నాకు టీ తెచ్చిచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆమె చేతులు చూశాను. మా వర్క్‌షాపుకి ఆయుధపూజకి వచ్చినప్పుడల్లా రెండు చేతులకీ బంగారు గాజులుండేవి. ఇప్పుడు మట్టిగాజులే ఉన్నాయి.

"గాజులేవమ్మా?" అనేశాను, నోరు ఆగక.

"తాకట్టులో ఉన్నాయమ్మా. గురువారం మజ్జానం ఈయనే ఎట్టీసి వచ్చినారు, ముఠాకి ఇవ్వాలి గదా."

"జీతం శుక్రవారమే పడుతుందని చెప్పాను కదమ్మా! పడింది కూడా!"

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "సెప్పినారమ్మా. నీ మాట మీద నమ్మకం నేక కాదు. బాబుగారి శుక్రారం మీద మాకు ఇరవయ్యేళ్ళ నమ్మకం ఉన్నాది. ఆ కాయితం మీద శనారం అని రాసినా, అప్పో సప్పో సేసి ఒక పూట ఆగీవోళ్ళం. శుక్రారం అని రాస్తే, ఈ నెలకి నేదని సెప్పడానికే అలా రాసినారనుకున్నాం."

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. పది రోజులుగా నా తేదీ గట్టిదని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ గట్టి తేదీయే ఈమె చేతులు బోసి చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం మేస్త్రి గాజులు విడిపించుకున్నాడు. నాలుగు రోజులకే తాకట్టు షాపాయన నెల వడ్డీ పూర్తిగా పట్టుకున్నాడు. ఆ రసీదు అడిగి తీసుకుని యజమాని బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. తప్పు నాదే, వారం చూడకుండా రాశానని కూడా చెప్పాను. ఆయన రసీదు చదివి ఎర్రబడ్డారు.

"శుక్రారమే ఇస్తామని మేస్త్రికి ముందే గట్టిగా సెప్పలేకపోనావా?"

"నేను చెప్పాను బాబూ. చెప్పవలసింది మీరు."

ఆయన జేబులోంచి వడ్డీ డబ్బు తీసి లెక్కపెట్టుకుని, నా చేతికివ్వకుండా తనే లేచి షెడ్డులోకి నడిచారు. లేతు మిషను ఆగిపోవడం నా గది దాకా వినిపించింది.