కొత్త ఖాతాలోకి రాని ఫోల్డరు

పోయింది ఒక్క ఫోల్డరు, అందులోని రెండు వందల పన్నెండు మెయిళ్లు. మిగతా ముప్పై ఆరు ఫోల్డర్లూ ఒక్క తేదీ మారకుండా వచ్చాయి.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో కంప్యూటర్ పనులు చేసేవాణ్ణి. పులివెందుల వైపు నాయకుడొకాయన తన పాత మెయిళ్లన్నీ వేరే కంపెనీ ఖాతాలోకి మార్చమన్నాడు. ముందు ఒక ఫోల్డరు పంపి చూస్తే, ఏళ్లనాటి ఉత్తరాలన్నీ ఆ రోజే అందినట్టు కనిపించాయి. వాటిని చెరిపేసి, అందిన తేదీ కూడా వెంట వెళ్లే పద్ధతిలో మళ్లీ పంపాను. ప్రతి ఫోల్డరుకూ అటెన్నో ఇటెన్నో పుస్తకంలో రాసుకుని లెక్క సరిచూశాను.

ఎదుటి వర్గం ఊళ్ల అర్జీలూ, వాటికి నాయకుడి జవాబులూ ఉన్న ఫోల్డరు దగ్గర ఆయన మేనేజరు అడ్డుపడ్డాడు.

"వాళ్లను కొత్తింట్లోకి ఎందుకు తెస్తాండావప్పా? ఆడనే వదిలెయ్."

వదిలేశాను. పాత ఖాతా మూసేశారు, అందులో మిగిలిన ఆ ఫోల్డరూ దాంతోనే పోయింది.

నెల తిరక్కుండానే నాయకుడు ఆ వర్గం పార్టీలో చేరాడు. వాళ్ల ఊళ్ల నీళ్ల కోసం తానెప్పుడో రాశానని, తేదీతో సహా వాళ్లకు చూపించుకోవాలి.

"ఆ ఫోల్డరేదీ?" అన్నాడు మేనేజరు.

"నువ్వే వద్దంటివి కదప్పా."

"అప్పుడు వాళ్లు పగోళ్లు. ఇప్పుడు మనోళ్లు కదా!"

నా లెక్కపుస్తకంలో ఆ వరస ఇంకా అలాగే ఉంది. అటు రెండు వందల పన్నెండు, ఇటు సున్నా. ఈ రోజుకీ నేనా నాయకుడికి బాకీ రెండు వందల పన్నెండు.