జాకెట్టు చెయ్యి కింది రంగు

మా తమ్ముడికి సంబంధాలు చూసిన రెండేళ్ళూ అమ్మాయిల చేతులు చూసే పని నాదే. అడిగి తీసుకున్న పని కాదు. అలాగని వద్దన్నదీ లేదు. మావాళ్ళలో పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు పెళ్ళైన ఆడపడుచు అమ్మాయికి పూలు పెడతానని లోపలి గదికి తీసుకెళ్తుంది. జడలో పూలు తురుముతూ మెడ వెనక చూడాలి, పౌడరు అక్కడిదాకా రాదు. ఆ తర్వాత, జాకెట్టు బాగుంది, ఎవరు కుట్టారమ్మా అంటూ చెయ్యి అంచుని రెండు వేళ్ళతో పైకి జరపాలి. ఎండ తగలని చోట ఉన్నదే అసలు రంగని లెక్క. నల్లగా ఉన్న ప్రతి అమ్మాయి తల్లీ ఎండకి కమిలిందండీ అనే చెబుతుంది. ఆ మాట నిజమో కాదో జాకెట్టు చెయ్యి కింద తేలిపోతుంది.

నాకీ పని బాగా వచ్చు. ఎందుకంటే మొదట అది నా మీద జరిగింది.

మా ఊరు కొల్లేరు గట్టు మీద. నాన్న చేపల చెరువులు చేస్తాడు. రోజంతా చెరువు మీదే ఉండి ఆయన బొగ్గులా ఉంటాడు, ఆయన్ని ఎవరూ ఒక్క మాటా అనలేదు. అమ్మ పసుపు ముద్దలా ఉంటుంది, తమ్ముడు అమ్మ పోలిక. నేను నాన్న పోలిక. చిన్నప్పుడు చుట్టాలొస్తే వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, నన్ను చూసి, ఈ పిల్ల కళగా ఉందండీ అనేవారు. కళగా ఉంది అంటే నల్లగా ఉంది అని అర్థం. ఎర్రగా ఉన్న పిల్లకి కళ ఉన్నా లేకపోయినా ఎవరికీ పట్టదు.

ఆదివారం నాడు అమ్మ నన్ను దొడ్లో పీట మీద కూర్చోబెట్టి మడమలు రుద్దుకునే రాయితో మెడా మోచేతులూ రుద్దేది. మెల్లగా కాదు. అంట్లగిన్నెల మీద కూడా అంత కసి చూపించేది కాదు. తోలు లేచి నెత్తురు చిమ్మితే నిమ్మచెక్క తెచ్చి దాని మీద పిండేది. నేను అరిస్తే తడిచేత్తో వీపు మీద చరిచేది. "అరువు, అరువు. రేపు నిన్నెవడన్నా చేసుకుంటాడేమో, వాడి దగ్గర అరుద్దువుగాని." నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నెత్తురు ఎర్రగా ఉంటే లోపల తెల్లగానే ఉన్నానేమో, ఇంకొంచెం ఓర్చుకుంటే బయటికొస్తుందేమో అనుకున్నాను. అంత వెర్రిదాన్ని.

పదహారేళ్ళకి రాయి పోయి ట్యూబు వచ్చింది. ఏలూరులో ఒక మందుల షాపువాడు చీటీ అడక్కుండా ఇచ్చేవాడు. రెండు వారాల్లో ముఖం తెల్లబడింది. అమ్మ మొదటిసారి నా గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఆ ముద్దు కోసం నేను విషమైనా రాసుకునేదాన్ని, నిజానికి రాసుకున్నది అదే. ఏడాది తిరిగేసరికి బుగ్గల తోలు ఉల్లిపొరలా పలచబడి లోపలి నరాలు ఎర్రగా కనబడ్డాయి, చెంపల మీద వెంట్రుకలు మొలిచాయి, ఎండలోకి వెళ్తే కారం పూసినట్టు మండేది. మానేస్తే ముఖం నిండా చీముపొక్కులు. చర్మం డాక్టరు ట్యూబు చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉందండీ, ఇది ముఖానికి నెలల తరబడి రాసేది కాదు, ఇక తాకొద్దు అన్నాడు. అమ్మ బయటికొచ్చాక అడిగింది ఒక్కటే, మానేస్తే మళ్ళీ నల్లబడుతుందా అని.

ఇరవై రెండు నుంచి నాకు సంబంధాలు. బయోడేటాలో రంగు అన్నచోట చామనఛాయ అని రాయించారు. పెళ్ళిళ్ళ వెబ్‌సైట్లో ఆ గడికి నాలుగైదు మెట్లుంటాయి, అమ్మ నన్ను ఒక మెట్టు పైన నొక్కింది. స్టూడియోవాడు ఫోటోలో ఇంకో రెండు మెట్లు ఎక్కించాడు. అవతలివాళ్ళూ ఆరితేరినవాళ్ళే. వాకిట్లో పగటిపూట తీసిన ఫోటో పంపండి అనేవారు. అది పంపితే మళ్ళీ ఫోను ఉండదు. వచ్చినవాళ్ళు నన్ను గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టేవారు. లోపల ఎవరో ఒకరు పూలు పెట్టేవారు. రంగు తగ్గిన ప్రతిచోటా నాన్న కట్నంగా ఇస్తానన్న చెరువు పెరుగుతూ వచ్చింది. ఇరవై తొమ్మిదికి ఏలూరులో మొదటి భార్య పోయిన ఒకాయనకి ఇచ్చారు. మంచివాడే. పెళ్ళిలో నన్ను చూసి, పాపం, రెండోది కదా, సర్దుకుపోవాలి అని ఆయన్ని ఓదార్చినవాళ్ళని నేను మర్చిపోలేదు, మర్చిపోను. ఇప్పటికీ గుమ్మం దాటాలంటే ముఖానికి ఒక పొర, మెడకి ఒక పొర రంగు కప్పే క్రీము వేసుకోందే కాలు బయటపెట్టను.

ఇక తమ్ముడి సంగతి. వాడిది తాడేపల్లిగూడెంలో చేపల మేత అమ్మే కంపెనీ ఆఫీసులో పని. వాడి బయోడేటాలో రంగు గడి ఖాళీగా వదిలేశాం, ఎవరూ అడగలేదు కూడా. అమ్మాయి మాత్రం తెల్లగా ఉండాలని అమ్మ మధ్యవర్తికి ముందే చెప్పింది, నల్లకోడలు వస్తే మనవలు నీలా పుడతారు అని నాతోనే అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా ప్రతి చూపులకీ పట్టుచీర కట్టుకుని ఆవిడ వెనకే కారెక్కాను.

ఒక రోజు మధ్యవర్తి తీసుకెళ్ళిన ఇల్లు కూడా గూడెంలోనే. తండ్రి రైసుమిల్లులో గుమాస్తా, అమ్మాయిది ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. అమ్మాయి నల్లగా ఉంది. తమ్ముడు మాత్రం ఎప్పుడూ లేనిది తలొంచుకుని నవ్వుకుంటున్నాడు. వాళ్ళమ్మ చెప్పనే చెప్పింది, రోజూ స్కూటీ మీద తిరుగుతుందండీ, ఎండకి కమిలింది, నెల ఇంట్లో ఉంటే వచ్చేస్తుంది అని. తమ్ముడి ముఖం చూసి అమ్మ కూడా కొంచెం మెత్తబడింది. నా చెవిలో చెప్పింది. "ఎండదే అయితే సరేననేద్దాం. నువ్వెళ్ళి చూసి రావే."

అంటే అంతా నా రెండు వేళ్ళ మీద ఉంది.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. జడ ఎత్తితే మెడ వెనక తోలు గీరుకుపోయి పచ్చిగా ఉంది. పొద్దున్నే ఎవరో రుద్దారు. దేనితో రుద్దారో నాకు తెలుసు, ఎంత మండుతుందో తెలుసు. అక్కడ ఆగిపోవాల్సింది. ఆగలేదు. పూలు పెట్టి జాకెట్టు చెయ్యి పైకి జరిపాను. కింద కూడా అదే రంగు. నా చెయ్యి దాని పక్కనే ఉంది. నాకన్నా ఒక ఛాయ తక్కువ.

చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ క్షణం నాకు సంతోషం వేసింది. నా ముప్పై నాలుగేళ్ళలో ఒక గదిలో నాకన్నా నల్లని ఆడమనిషి పక్కన నిలబడడం అదే మొదలు. కడుపులో చల్లగా అయింది.

ఆ అమ్మాయి అద్దంలో నన్ను చూసింది. గొంతు పెంచలేదు. "మీరు చూడరనుకున్నానండీ."

నాకది పొగరులా వినబడింది. చూస్తే తప్పేంటన్నాను. తను స్టాండు మీది తడి తువ్వాలు తీసి, నా గడ్డం ఒక చేత్తో పట్టుకుని, నేను విదిలించుకునేలోపు చెంప మీద గట్టిగా ఒత్తి రుద్దింది. తువ్వాలు మీద నా రంగంతా వచ్చింది. "మీదీ చూద్దామండీ," అంది.

కొట్టాను. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. తల వెళ్ళి బీరువా అంచుకి తగిలింది, చెవి దిద్దు లాగేసి తమ్మె చీరుకుపోయింది. తెల్ల తువ్వాలుతోనే చెవి పట్టుకుంది. ఆ దెబ్బ నేను ఎవరిని కొట్టానో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. మా అమ్మనా, నా చెయ్యి చూసిన అందరినీనా అని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ కబుర్లు. నెత్తురొచ్చింది ఆ పిల్లకి.

పైటచెంగు చెంపకి అడ్డం పెట్టుకుని హాల్లోకొచ్చాను. ఇలాంటప్పుడు ఎవరూ అక్కడ ఏమీ చెప్పరు, ఇంటికెళ్ళి కబురు చేస్తామండీ అని లేస్తారు. అబద్ధమే అయినా ఆ మర్యాద ఒకటి మిగులుతుంది. నేను అదీ ఉంచలేదు. అందరూ వింటుండగా అమ్మతో అన్నాను. "ఎండ కాదమ్మా. అసలు రంగే అంత. నాకన్నా తక్కువ."

వాళ్ళ నాన్న స్వీటు ప్లేటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాళ్ళమ్మ లేచి గదిలోకి వెళ్ళింది, వెంటనే లోపల్నించి చెంప మీద కొట్టిన చప్పుడు వినబడింది. కూతుర్ని తల్లి కొట్టిన చప్పుడు నేను ఎంత దూరాన్నించైనా గుర్తుపడతాను. మేం చెప్పులు వేసుకుని బయటపడ్డాం.

కారు తమ్ముడు నడుపుతున్నాడు. అమ్మ ముందు కూర్చుని, పోనీలేరా, మీ అక్క చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నిలువునా మునిగేవాళ్ళం అంటోంది. భీమడోలు దాటాక కూడా అంటూనే ఉంది. గుండుగొలను దగ్గర వాడు హైవే పక్కకి కారు ఆపాడు. దిగొచ్చి వెనక తలుపు తీసి, నన్ను జబ్బ పట్టుకుని బయటికి లాగాడు. వీపు కారుకి కొట్టుకుంది. లారీలు పక్కనుంచే పోతున్నాయి. నా మీద ఎప్పుడూ చెయ్యెత్తనివాడు పిడికిలి బిగించి నా ముఖం దాకా తెచ్చాడు. చివరికి దాన్ని కారు అద్దం మీద దించాడు. వేళ్ళు చిట్లాయి.

అప్పుడు చెప్పాడు. ఆ సంబంధం మధ్యవర్తి తెచ్చింది కాదు, తనే తెప్పించాడు. ఏడాదిగా ఇద్దరికీ పరిచయం. అమ్మ రంగు చూసి కాదంటుందని తెలిసి, ముఖాముఖి చెప్పే ధైర్యం లేక, మామూలు సంబంధంలా రప్పించాడు. నోరు విప్పని మొగాడంటే నాకు ఇప్పటికీ కోపమే, వాడు ఒక్కమాట ముందే చెప్పి ఉంటే, అని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పి ఉంటే నేను చూసేదాన్ని కానా?

"తను కూర్చోనంది అక్కా, చూపులంటే చచ్చిపోతాను, ఎవరో వచ్చి చెయ్యి పైకెత్తి చూస్తారు, నావల్ల కాదు అంది. మా అక్కే వస్తుంది, మా అక్కదీ ఈ రంగే, ఆవిడ చూడదు అని ఒట్టేసి చెప్పాను. ఆ ఒక్కమాట మీద కూర్చుంది."

అమ్మ ముందు సీట్లోంచి, రోడ్డు మీద ఈ గోలేంట్రా, ఎక్కండి అంది. వాడు చేతికి రుమాలు చుట్టుకుని స్టీరింగు దగ్గరికెళ్ళాడు. ఒక మనిషి నన్ను అంత నమ్మిందని నాకు తెలియడం అదే మొదటిసారి, తెలిసేటప్పటికి ఆ అమ్మాయి చెవి నేనే చింపేశాను. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను.