ఎడమ మూలన ఒక్క చుక్క

2023 అక్టోబరు 12, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. వర్జీనియాలోని ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు హైమవతి, తన విద్యార్థి నిఖిలేశ్ గీసిన నక్షత్ర గుచ్ఛపు పటాన్ని పరిశీలిస్తోంది. పటంలో ఒక్కో చుక్క ఆ గుంపులోని ఒక్కో తార; పైకి వెళ్ళేకొద్దీ వెలుగు, ఎడమకు వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతాయి. చాలా తారలు ఏటవాలు బారులో ఉన్నాయి. ఎర్రని మహాతారలు కుడివైపు పైన వేరే కుటుంబంగా నిలిచాయి.

"అక్కా, ఎడమవైపు కింద ఒక్కటే ఉండేది. ఎర్రర్ అనుకుని డిలీట్ చేశా. మధ్యాహ్నం పన్నెండింటికి నా ఫస్ట్ పేపర్ సబ్మిట్ చేయాలి," అన్నాడు నిఖిలేశ్.

"చుట్టం ఒక్కడే వచ్చాడని గెంటేస్తావా? అంత వేడిగా ఉండి కూడా మసగ్గా ఉందంటే చాలా చిన్నదన్నమాట. తెల్ల మరుగుజ్జు కావచ్చు, ఇంధనం అయిపోయిన తార మిగిల్చిన గుండె."

ఆమె మందలించలేదు. దాని దూరాన్నీ కదలికనూ ఓపికగా సరిచూసింది. రెండూ గుచ్ఛంతో సరిపోయాయి; అది ఆ గుంపు తారే. నిఖిలేశ్ చుక్కను తిరిగి పెట్టి, పటం కింద 411 అని ఉన్న తారల సంఖ్యను దిద్దాడు.

412.