డ్రైయర్ వాల్వు మీద లేని చెయ్యి

అతను వాల్వును ముట్టుకోలేదు. ముట్టుకున్నాడని రిపోర్టులో రాశారు. ఆ ఒక్క వాక్యంతో అతని పని పోయింది.

బాన్సువాడ పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. నేను అక్కడ ఎలక్ట్రీషియన్ని, అతను డ్రైయర్ మీద. ఉడికిన వడ్లను ఆరబెట్టే గాలికి వేడినిచ్చేది ఆవిరి. ఆ ఆవిరి వాల్వు చక్రాన్ని ఏళ్ల తరబడి అతనే చేత్తో తిప్పాడు. గాలి ముఖానికి తగిలితే చాలు, వేడి ఎంతో చెప్పేవాడు. తర్వాత మిల్లు సేటు ఆ వాల్వును తనంతట తానే తిప్పే ఆటోమేటిక్ ప్యానెల్ పెట్టించాడు. అయినా అతని చెయ్యి చక్రం మీదికే పోయేది.

"చెయ్యి తియ్యి తమ్మీ. అది నీకంటే హుషార్ ఉంది," అన్నాను.

"గంత హుషారైతే జీతం గూడ దానికే ఇయ్యమను అన్నా," అని నవ్వాడు. నా మాట మీద తీశాడు.

ఆ వానాకాలం ఊక తడిసి బాయిలర్ సరిగ్గా మండలేదు. ఆవిరి తక్కువైతే ముందు వడ్లు ఉడికించే ట్యాంకులకు ఇస్తాం, మిగిలింది డ్రైయర్‌కు. ఒక పొద్దున ముప్పావు గంట డ్రైయర్ వాల్వు పూర్తిగా తెరుచుకునే ఉంది, వేడి మాత్రం అందలేదు. ట్యాంకుల పని అయిపోగానే ఆవిరి ఒక్కసారిగా వచ్చింది. ఇంతే ఉండాలని ప్యానెల్‌లో పెట్టిన గీత దాకా వేడి ఎక్కింది, దాటింది. వాల్వు మాత్రం మూసుకోలేదు.

"అన్నా, దిగుతలేదు. తిప్పనా?"

"ఆగు, అదే సర్దుకుంటది."

ఆ మాట అన్నది నేనే. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై నిమిషాల తర్వాత వాల్వు కదిలింది. అప్పటికే గింజ పగిలింది. మరాడిస్తే అంతా నూక.

ప్యానెల్ కంపెనీ ఇంజినీరు వచ్చి రికార్డు చూశాడు. వేడి గీత దాటింది, వాల్వు నూరు దగ్గరే, అంటే పూర్తిగా తెరుచుకునే ఉంది. ప్యానెల్ ఆటోలో ఉందా, మనిషి చేత్తో తిప్పాడా అన్నది ఆ రికార్డులో లేదు. "ఆటోలో ఉంటే ఇట్లా జరగదు, ఆపరేటర్ చేత్తో తెరిచాడు," అని రాశాడు. నేను పక్కనే ఉన్నానన్నాను.

"మీరేం చదివిండ్రు?" అన్నాడు.

"ఏడో తరగతి."

ఇంజినీరు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత రుద్రూర్ దాకా ఏ మిల్లూ మావాణ్ణి పెట్టుకోలేదు. చెరకు కోతలకు పోయాడు.

తూకానికి కొన్న పాత పుస్తకాలతో నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ కాలమంతా మళ్లీ వాటి మీదే కూర్చున్నాను. దొరికింది. కావాల్సిన వేడికీ ఉన్న వేడికీ మధ్య తేడాను ప్యానెల్ లోపల ఇంటిగ్రేటర్ కూడుకుంటూ పోతుంది. వాల్వు నూరు కంటే ఎక్కువ తెరుచుకోలేదు. కూడికకు ఆ సంగతి తెలియదు. ఆ పొద్దున అది రెండు వందలు దాటి ఉంటుంది. వేడి గీత దాటాకే అది తగ్గడం మొదలైంది. నూరు కిందికి దిగేదాకా వాల్వు కదలదు. దీన్నే వైండప్ అంటారు. చక్రం తిప్పే మనిషికి ఈ జబ్బు రాదు. చక్రం ఆగితే చేతికి తెలుస్తుంది.

మందు కూడా ఉంది, బ్యాక్ క్యాలిక్యులేషన్. అడిగింది ఎంత, వాల్వు ఇవ్వగలిగింది ఎంత, ఆ తేడాను తిరిగి ఇంటిగ్రేటర్‌కు పంపి కూడికను హద్దు దగ్గరే పట్టి ఉంచడం. మా ప్యానెల్‌లో ఆ సెట్టింగు ఉంది. బిగించినవాళ్లు సున్నాలో వదిలేశారు!

సేటును బతిమాలి, వడ్లు పోయకుండా ఉత్త గాలితో చేసి చూపించాను. ప్యానెల్ ఆటోలో పెట్టి, ఆవిరిని ముందరే ఆపి, ముప్పావు గంటకు వదిలాను. అందరం దూరంగా నిలబడ్డాం. వేడి గీత దాటింది, వాల్వు నూరు దగ్గరే నిలిచింది. సెట్టింగు మార్చి మళ్లీ చేశాను. ఈసారి వేడి గీత దగ్గరికి వస్తుండగానే వాల్వు మూసుకోవడం మొదలుపెట్టింది. సేటు రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత, "కంపెనీ మార్చి రాస్తేనే గదా చెల్లేది," అన్నాడు.

చెరకు తోటకు పోయి చెప్పాను. మావాడు కత్తి పక్కన పెట్టి విన్నాడు.

"అంటే నేను తిప్పితే బాగుండేది."

"అవును తమ్మీ."

"నువ్వే గదనే వద్దన్నవ్." కోపం లేదు. అదే నాకు మోయలేనిదైంది. "పైసల్ వద్దన్నా. గా ఒక్క మాట కొట్టేయమను."

కంపెనీకి ఉత్తరాలు రాశాను, రెండు రికార్డులూ జతచేశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. కోతలు అయిపోకముందే అతను జ్వరంతో పోయాడు. మట్టి చేసి వచ్చిన రోజు అతని భార్య అడిగింది: "కాగితం వచ్చిందా అన్నా?"

వచ్చింది, నెల తర్వాత.

"మీరు తెలిపిన సెట్టింగును మేము బిగించిన అన్ని ప్యానెళ్లలో మార్చాము, ధన్యవాదాలు. రిపోర్టులోని వాక్యాన్ని తొలగించడానికి సంబంధిత ఆపరేటర్ స్వయంగా సంతకం చేసిన దరఖాస్తు పంపవలెను."